టీ కొట్టు మీద నాలుగు పాదాలు: ఒక లుక్ బాట్ పద్యం దిద్దిన తీరు

లుక్ బాట్ వియత్నాం వాళ్ల ఛందస్సు. లుక్ అంటే ఆరు, బాట్ అంటే ఎనిమిది. ఆరు అక్షరాల పాదం, దాని కింద ఎనిమిది అక్షరాల పాదం, మళ్లీ ఆరు, మళ్లీ ఎనిమిది. వియత్నాం లాలిపాటలు, జానపద గేయాలు చాలావరకు ఈ నడకలోనే ఉంటాయి. న్గుయెన్ జూ రాసిన 'ట్రుయేన్ కియేవ్' కావ్యం మొత్తం, 3254 పాదాలూ, ఇందులోనే సాగుతుంది. ఇక్కడ అక్షరం అంటే మన ఒత్తులూ గుణింతాల లెక్క కాదు. 'చేన్', 'ట్రూఅక్' లాంటి ఒక్కో పలుకు మొత్తం ఒక అక్షరం. వియత్నామీస్‌లో ప్రతి పలుకునూ మధ్యలో ఖాళీ వదిలి విడిగా రాస్తారు కాబట్టి, లెక్కపెట్టడం చిన్నపిల్లలకైనా వస్తుంది.

నా దగ్గర వియత్నామీస్ నేర్చుకునే తెలుగువాళ్లు మొదట బోల్తా పడేది ఇక్కడే. ఆరు, ఎనిమిది సరిపోగానే పద్యం అయిపోయిందనుకుంటారు. హనోయ్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక కుర్రాడు తీసుకొచ్చిన నాలుగు పాదాలు కూడా అలాంటివే. తనుండే సందు చివర ఒక బామ్మ టార్పాలిన్ కింద చిన్న టీ కొట్టు నడుపుతుంది. ఆమెకు ఇవ్వడానికి రాశాడు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో హనోయ్‌లో రోజుల తరబడి పట్టే సన్నటి జల్లుతో పద్యం మొదలవుతుంది.

మూఅ ఫూన్ రోయ్ ట్రేన్ మాయ్ న్యా
బా న్గోయ్ బాన్ నూఅక్ ట్రా నోంగ్ చో న్గూఅయ్
ఖాచ్ క్వేన్ వూఅ డేన్ వూఅ కూఅయ్
కే న్యావ్ చుయేన్ కూ డేన్ ట్రూఅ చూఅ వే

"ఇంటి కప్పు మీద సన్నని జల్లు పడుతోంది. బామ్మ వేడి టీ అమ్ముతూ మనుషుల కోసం ఎదురుచూస్తోంది. తెలిసినవాళ్లు నవ్వుతూ వస్తున్నారు. పాత కబుర్లు చెప్పుకుంటూ మధ్యాహ్నమైనా ఇంటికి పోలేదు." భావం బాగుంది, వ్యాకరణంలో పెద్ద దోషం లేదు, అక్షరాల లెక్క ఆరు-ఎనిమిది-ఆరు-ఎనిమిది పక్కాగా ఉంది. అయినా ఒక హనోయ్ మనిషి దీన్ని పైకి చదివితే రెండో పాదం దగ్గరే తడబడతాడు.

ఎందుకో చెప్పాలంటే స్వరాల సంగతి కొంచెం చెప్పుకోవాలి. వియత్నామీస్‌లో ఆరు స్వరాలు. గుర్తు ఏమీ లేనిది న్గాంగ్, గొంతు సాఫీగా ఒకే ఎత్తులో ఉంటుంది. ఎడమ నుంచి కిందికి వాలే గీత ఉన్నది హుయేన్, గొంతు మెల్లగా కిందికి దిగుతుంది. ఈ రెండూ ఒక జట్టు, పేరు బాంగ్. మిగిలిన నాలుగు, అంటే పైకి లేచే సాక్, దిగి లేచే హోయ్, మధ్యలో విరిగే న్గా, బరువుగా టక్కున ఆగే నాంగ్, ఇంకో జట్టు. దాని పేరు ట్రాక్. మన ఛందస్సులో ప్రతి అక్షరమూ గురువో లఘువో అయినట్టు, ఇక్కడ ప్రతి పలుకూ బాంగో ట్రాకో అవుతుంది. కాకపోతే కొలిచేది కాలాన్ని కాదు, గొంతు పోయే తీరును.

నియమం చిన్నదే. బేసి స్థానాలను వదిలెయ్యండి, అక్కడ ఏదైనా చెల్లుతుంది. ఆరక్షరాల పాదంలో రెండోది బాంగ్, నాలుగోది ట్రాక్, ఆరోది బాంగ్. ఎనిమిదక్షరాల పాదంలో రెండు, నాలుగు, ఆరు అలాగే ఉండి, ఎనిమిదోది కూడా బాంగ్ అవుతుంది. ఇక ప్రాస. ఆరు పాదం చివరి అక్షరం, కింది ఎనిమిది పాదంలో చివరిదానితో కాదు, ఆరోదానితో కలవాలి. ఆ పాదం చివర, ఎనిమిదో స్థానంలో కొత్త ప్రాస పుడుతుంది. దాన్ని తర్వాతి ఆరు పాదం చివర అందుకుంటుంది, ఆ కింది ఎనిమిది పాదం మళ్లీ ఆరో స్థానంలో. అందుకే లుక్ బాట్ ఎంత దూరమైనా ఆగకుండా పోగలదు. మనకు ప్రాస పాదం మొదట్లో రెండో అక్షరం దగ్గర వినిపించడం అలవాటు కాబట్టి, పాదం నడుమ వచ్చే ఈ ఆరో స్థానపు ప్రాస తెలుగు చెవికి మొదట అసలు ఆనదు.

కియేవ్ కావ్యం మొదటి రెండు పాదాలు తీసుకుంటే ఇదంతా ఒకేసారి కనిపిస్తుంది.

ట్రామ్ నామ్ ట్రోంగ్ కోయ్ న్గూఅయ్ తా
చూ తాయ్ చూ మేన్ ఖేవ్ లా గేత్ న్యావ్

నూరేళ్ల మనిషి బతుకులో ప్రతిభకూ విధికీ పడదని భావం. మొదటి పాదం చివరి 'తా', కింద ఆరో స్థానంలోని 'లా'తో కలిసింది. రెండో పాదంలో 'లా' హుయేన్ స్వరం, చివరి 'న్యావ్' న్గాంగ్ స్వరం. ఈ చివరి విషయం పుస్తకాల్లో ఒక వాక్యంగా వచ్చిపోతుంది గానీ, దిద్దేటప్పుడు నేను ఎక్కువసేపు కూర్చునేది దీని మీదే: ఎనిమిది పాదంలో ఆరోదీ ఎనిమిదోదీ రెండూ బాంగే అయినా, రెండూ ఒకే స్వరం కాకూడదు. ఒకటి న్గాంగ్ అయితే ఇంకొకటి హుయేన్ కావాలి.

ఇప్పుడు కుర్రాడి పద్యానికి వద్దాం. నేను చేసే పని ఏమిటంటే, ప్రతి పాదంలో సరి స్థానాల కింద మాత్రం గీత గీసి, మిగతా వాటిని చూడకుండా ఆ అక్షరాలనే చదువుతాను. మొదటి పాదంలో ఫూన్, ట్రేన్, న్యా. మూడూ బాంగే. నాలుగో స్థానంలో ట్రాక్ ఉండాల్సిన చోట 'ట్రేన్' (అంటే 'మీద') కూర్చుంది. పైకి చదివితే మొదటి నాలుగు అక్షరాలూ చప్పగా ఒకే మట్టంలో పోయి, ఐదోదైన 'మాయ్' దగ్గర ఒక్కసారి లేస్తుంది. మలుపు ఒక అక్షరం ఆలస్యమైంది. మందు కూడా అందులోనే ఉంది: 'మాయ్' (కప్పు) సాక్ స్వరం, అంటే ట్రాక్. దాన్ని ఒక స్థానం ముందుకు జరిపితే చాలు. "మూఅ ఫూన్ ఊఅత్ మాయ్ హియేన్ న్యా", అంటే జల్లు ఇంటి చూరును తడిపింది. 'మీద పడుతోంది' పోయి 'తడిపింది' వచ్చింది, నాకైతే అదే నయం అనిపించింది.

రెండో పాదంలో న్గోయ్, నూఅక్, నోంగ్, న్గూఅయ్. ఆరో స్థానంలో 'నోంగ్' (వేడి) ట్రాక్, పైగా 'న్యా'తో ప్రాస లేదు. కలవాల్సిన 'ట్రా' ఐదో స్థానంలో ఆగిపోయింది. తెలుగువాళ్ల రాతలో ఇది పదే పదే చూస్తాను. ప్రాస పదం పాదంలో ఎక్కడో ఒకచోట ఉంటే చాలుననుకుంటారు. ఒక్క అక్షరం అటు ఇటు అయితే వియత్నాం చెవికి అది ప్రాసే కాదు.

ఇక్కడ అతను వాదనకు దిగాడు. "అక్కా, మరి ఆ కొంగ పాటలో నాలుగోది బాంగే కదా? ప్రాస కూడా ఆరో దగ్గర లేదు. దాన్ని అందరూ పాడతారు, నాది మాత్రం తప్పెందుకు?"

మంచి ప్రశ్న, దాటెయ్యలేను. అతను చెప్పింది దేశమంతా తెలిసిన లాలిపాట.

కాన్ కో మా డీ ఆన్ డేమ్
డావ్ ఫాయ్ కాన్ మేమ్ లోన్ కో సువోంగ్ ఆవ్

రాత్రిపూట మేతకు పోయిన కొంగ మెత్తని కొమ్మ మీద వాలి, తలకిందులుగా చెరువులో పడింది. ఇక్కడ 'డేమ్' ప్రాస ఆరో స్థానంలో కాదు, నాలుగో స్థానంలోని 'మేమ్'తో కలిసింది. ఇది లుక్ బాట్‌లో ఒప్పుకున్న పాత మార్పే. కానీ ప్రాస నాలుగుకు జరగగానే పాదం స్వరాలన్నీ తిరగబడటం గమనించాలి: రెండో స్థానం ట్రాక్, నాలుగు బాంగ్, ఆరు ట్రాక్, ఎనిమిది బాంగ్. అంటే నియమం సడలలేదు, తలకిందులైంది. "నువ్వూ అలా రాయొచ్చు" అని ఒక పాదం కట్టి చూపించాను: "బా బాన్ నూఅక్ ట్రా న్గోంగ్ డోయ్ ఖాచ్ క్వేన్". బామ్మ టీ అమ్ముతూ తెలిసిన గిరాకీ కోసం చూస్తోంది. 'ట్రా' నాలుగో స్థానంలో ఉంది, ముందూ వెనకా ట్రాక్‌లు సరిగ్గా ఉన్నాయి, పాడితే బ్రహ్మాండంగా వస్తుంది. అయితే కాగితం మీద నాలుగే పాదాలున్న పద్యంలో రెండో పాదమే ఇలా తిరగబడితే, చదివేవాడు కావాలని చేశారా, జారిందా అని ఆగుతాడు. లాలిపాటకు రాగం తోడు ఉంటుంది, దీనికి లేదు. అతని 'ట్రా' ఐదో స్థానంలో ఉంది కాబట్టి ఆ దారికీ చెందదు, ఈ దారికీ చెందదు. మామూలు దారే పట్టాం.

'వేడి' తీసేసి, 'అమ్మడం' బదులు 'పోయడం' పెట్టి, 'చేన్' (చిన్న కప్పు) తెచ్చి అతనే మార్చాడు: "బా న్గోయ్ రోత్ చేన్ నూఅక్ ట్రా చో న్గూఅయ్". బామ్మ కూర్చుని కప్పులో టీ పోస్తూ మనుషుల కోసం చూస్తోంది. సరి స్థానాలు న్గోయ్, చేన్, ట్రా, న్గూఅయ్. బాంగ్, ట్రాక్, బాంగ్, బాంగ్. 'ట్రా' ఆరో చోటికి వచ్చింది, 'న్యా'తో కలిసింది. అతను అయిపోయిందన్నాడు. నేను పెదవులు మూసుకుని పాదాన్ని స్వరాలతో మాత్రం కూనిరాగం తీసి వినిపించాను. చివర రెండుసార్లు గొంతు ఒకేలా దిగింది. 'ట్రా' హుయేన్, 'న్గూఅయ్' కూడా హుయేన్. పట్టికలో చూస్తే రెండూ బాంగే కాబట్టి టిక్కు పడిపోతుంది, చెవికి మాత్రం పాదం ఆరో అక్షరం దగ్గరే ముగిసిపోయి, మిగతా రెండూ వేలాడుతున్నట్టు ఉంటుంది. మాటలు లేకుండా కూనిరాగం తియ్యమని నేను చెప్పేది ఈ ఒక్క దోషాన్ని పట్టడానికే. అర్థం వినిపిస్తున్నంతసేపూ ఇది దొరకదు.

రెండింటిలో ఒకటి మారాలి. ఆరోది మార్చి న్గాంగ్ చెయ్యాలంటే 'సా' (దూరం) లాంటి మాట తెచ్చుకోవాలి, అప్పుడు టీ పోతుంది. టీ కొట్టు పద్యంలో టీ లేకపోతే ఎలా? కాబట్టి ఎనిమిదోది మారాలి. 'న్గూఅయ్' బదులు 'ఆయ్' పెట్టాం. ఆయ్ అంటే 'ఎవరు', న్గాంగ్ స్వరం. "టీ పోస్తూ ఎవరి కోసమో" అయింది. వియత్నాం జానపద పద్యాల్లో పేరు చెప్పకుండా తలచుకునే మనిషికి వాడే మాట ఇదే కాబట్టి, పాదం ఇంకాస్త వియత్నామీస్‌గా కూడా మారింది.

అయితే లుక్ బాట్‌లో ఎనిమిదో అక్షరం ముడితే కింది పాదం కదలాల్సిందే. అతని మూడో పాదం, నాలుగింటిలోనూ ఏ దోషమూ లేని ఒకే ఒక్క పాదం, 'కూఅయ్' (నవ్వు) అని ముగుస్తుంది. 'న్గూఅయ్' ఉన్నప్పుడు అది చక్కగా కలిసింది. 'ఆయ్' రాగానే పనికిరాకుండా పోయింది. అతనికి కాస్త కోపం కూడా వచ్చింది. మొదటే ఎనిమిదో అక్షరాలను తేల్చుకుని ఆ తర్వాత పాదాలు నింపమని నేను చెప్పేది ఇందుకే. పైనుంచి కిందికి రాసుకుంటూ పోతే, మంచి పాదాలే బలి అవుతుంటాయి.

ఇక్కడ ఆగి మూడో నాలుగో పాదాలకు కావాల్సిన రెండు ప్రాస పదాలను ముందు ఏరుకున్నాం. 'ఆయ్' శబ్దంతో, బాంగ్ స్వరంలో ఉండాలి. వాయ్ (కొద్దిమంది), జాయ్ (పొడుగు), మాయ్ (రేపు), వాయ్ (భుజం, ఇది న్గాంగ్). ఇంకో మాట: త, ప, క, చ లాంటి శబ్దాలతో టక్కున ఆగే పలుకులకు వియత్నామీస్‌లో సాక్, నాంగ్ అనే రెండు స్వరాలే ఉంటాయి, రెండూ ట్రాకే. కాబట్టి అలాంటివి ప్రాస స్థానానికి ఎప్పటికీ రాలేవు. వాటిని వెతుకులాటలోంచి ముందే కొట్టెయ్యొచ్చు, నాలుగో స్థానానికి మాత్రం దాచుకోవాలి.

మూడో పాదం తేలిగ్గానే కుదిరింది: "ఖాచ్ క్వేన్ గే లాయ్ మోత్ వాయ్", తెలిసిన గిరాకీ ఒకరిద్దరు ఆగారు. నాలుగోదాని పాత రూపంలో స్వరాలన్నీ సరిగ్గా ఉన్నాయి. న్యావ్ బాంగ్, కూ ట్రాక్, ట్రూఅ న్గాంగ్, వే హుయేన్. ప్రాసే లేదు. 'ట్రూఅ'కు పైన ఎవరితోనూ చుట్టరికం లేదు, పైగా పక్కనే ఉన్న 'చూఅ'తో కలిసి దొంగ ప్రాసలా మోగుతోంది. కొత్త పాదం: "చుయేన్ తూ థువా ట్రూఅక్ కేవ్ జాయ్ డేన్ ట్రూఅ". ఎప్పటివో కబుర్లు మధ్యాహ్నం దాకా సాగాయి. తూ, ట్రూఅక్, జాయ్, ట్రూఅ. ఆరోది హుయేన్, ఎనిమిదోది న్గాంగ్. నియమాల ప్రకారం పద్యం పూర్తయింది.

అప్పుడు దాన్ని ఒక హనోయ్ స్నేహితురాలికి వినిపించాను. ఏ పద్యాన్నైనా ఇవ్వబోయే ముందు ఆ ఊరి మనిషి చేత పైకి చదివించడం నాకు అలవాటు. ఆమె రెండు మాటలంది. మొదటిది: "ఆ బామ్మ ఎప్పుడైనా 'ట్రా' అందా? ఐసు వేసి ఇస్తే 'ట్రా డా' అంటుంది, సరే. కానీ కప్పులో పోసే వేడిది ఇక్కడ 'చే' కదా." నిజమే. ఉత్తరాన కాలిబాట కొట్టులో పాలు లేకుండా చిన్న కప్పుల్లో ఇచ్చే ఆ పచ్చని వేడి టీని 'నూఅక్ చే' అంటారు. కుర్రాడికి భాష వచ్చింది పుస్తకంలోంచి, కొట్టులోంచి కాదు. 'చే' కూడా హుయేన్ స్వరమే కాబట్టి రెండో పాదం స్వరాల్లో అణువంత మార్పు ఉండదు. ప్రాస మాత్రం తెగిపోతుంది: 'న్యా', 'చే' కలవవు. ఈసారి పై పాదమే మారాలి.

'ఏ' శబ్దంతో, బాంగ్ స్వరంలో ఏమున్నాయని వెతికితే 'చే' అనే మాటే ఇంకో స్వరంలో దొరికింది. న్గాంగ్ స్వరంలో పలికితే దానికి 'కప్పి ఉంచు' అని అర్థం. కప్పి ఉంచేది ఏమిటి? ఆ కొట్టు మీది టార్పాలిన్, 'తమ్ బాత్'. "మూఅ ఫూన్ ఊఅత్ తమ్ బాత్ చే", సన్నని జల్లుకు పైన కప్పిన టార్పాలిన్ తడిసింది. ఫూన్ బాంగ్, తమ్ ట్రాక్, చే బాంగ్. ఇంటి కప్పూ చూరూ పోయి అసలు కొట్టే పద్యంలోకి వచ్చింది. ప్రాస బలవంతం మీద మాట మంచిదయ్యే సందర్భాలు తక్కువ, ఇది ఒకటి. చే (న్గాంగ్), చే (హుయేన్) పైపైన ఒకటే కదా అని తెలుగువాళ్లకు అనుమానం రావచ్చు. స్వరం వేరైతే అవి పూర్తిగా వేరు మాటలు, ప్రాసకు అడ్డు లేదు.

ఆమె రెండో మాట మూడు, నాలుగు పాదాల గురించి. "మోత్ వాయ్, జాయ్ అనగానే నాకు కియేవ్ చివరి రెండు పాదాలు గుర్తొస్తున్నాయి" అంది. ఆ కావ్యం ముగింపులో కవి తన పల్లె మాటలను వదరుగా పోగేశానని, ఓ రెండు మూడు జాముల కాలక్షేపానికి పనికొస్తే చాలని అంటాడు. అక్కడా పై పాదం 'జాయ్' అని ముగుస్తుంది, కింది పాదంలో 'మోత్ వాయ్' వస్తుంది. వియత్నాంలో చదువుకున్నవాళ్ల నాలుక మీద ఆడే పాదాలవి. కాబట్టి ఈ జంటను వాడితే ప్రతివాడికీ అది వినిపించి తీరుతుంది.

తప్పించాలంటే దారి ఉంది. 'కేవ్ జాయ్' బదులు 'కే హ్వాయ్' అనొచ్చు, అంటే చెబుతూనే ఉన్నారు. 'హ్వాయ్' కూడా హుయేన్ స్వరమే. ముందున్న వకారం ప్రాసలో లెక్కకు రాదు కాబట్టి 'వాయ్'తో చక్కగా కలుస్తుంది. కానీ 'ఎడతెగకుండా' అనే అర్థంలో 'హ్వాయ్' మధ్య, దక్షిణ వియత్నాం వాడుక. హనోయ్ బామ్మ కొట్టులో గిరాకీలు 'మాయ్' అంటారు, అది ట్రాక్, ఆరో స్థానంలో చెల్లదు. ఇప్పుడే 'ట్రా' తీసేసి ఉత్తరాది 'చే' పెట్టిన పద్యంలో దక్షిణాది మాట దించడం నాకు నచ్చలేదు. పైగా ఆ గుర్తుకు రావడం ఇక్కడ చెడ్డదేమీ కాదు. అక్కడా ఇక్కడా ఉన్నది సాగిన కబుర్లే. కుర్రాడికి రెండూ చెప్పి వదిలేశాను. అతను 'కేవ్ జాయ్' ఉంచాడు.

మూఅ ఫూన్ ఊఅత్ తమ్ బాత్ చే
బా న్గోయ్ రోత్ చేన్ నూఅక్ చే చో ఆయ్
ఖాచ్ క్వేన్ గే లాయ్ మోత్ వాయ్
చుయేన్ తూ థువా ట్రూఅక్ కేవ్ జాయ్ డేన్ ట్రూఅ

రెండేసి అక్షరాలకు ఒక దరువు వేసి చదివితే ఎక్కడా మాట మధ్యలో విరగదు: మూఅ ఫూన్, ఊఅత్ తమ్, బాత్ చే. ఇంకా నాకు కొంచెం వెలితిగా ఉన్నది ఒకటే. రెండో పాదమూ నాలుగో పాదమూ రెండూ హుయేన్‌తో దిగి న్గాంగ్‌తో ముగుస్తాయి. కియేవ్ మొదటి నాలుగు పాదాల్లో ఒక జంట అలా, ఇంకో జంట ఇలా వచ్చి రుచి మారుతుంది. నాలుగే పాదాల్లో దీన్ని దోషమని ఎవరూ అనరు గానీ, పద్యం పెరిగితే ఒకే కూనిరాగం మళ్లీ మళ్లీ వచ్చి విసుగు పుట్టిస్తుంది.

అతను ఇప్పుడు దాన్ని పెంచే పనిలోనే ఉన్నాడు. ఐదో పాదం 'ట్రూఅ'ను అందుకోవాలి. 'మూఅ' (వాన) మొదటి పాదంలోనే ఖర్చయిపోయింది కాబట్టి 'వూఅ' పట్టుకున్నాడు: "హేత్ బిన్ ఫా తియేప్ చో వూఅ", కూజా ఖాళీ అయితే తగినంత మళ్లీ కాచి. బిన్ బాంగ్, తియేప్ ట్రాక్, వూఅ హుయేన్, బాగానే ఉంది. ఆరో పాదంలో ఆరో స్థానానికి 'సూఅ' (పాతకాలం) పెడదామంటున్నాడు. అది న్గాంగ్, కాబట్టి ఈసారి ఎనిమిదో స్థానానికి హుయేన్ స్వరపు మాట వెతకాలి. దానితో పైన చెప్పిన ఏకరాగం కూడా తెగుతుంది.